ఒకే వాల్యూమ్ బటన్: కెమెరాలో షట్టర్, బయట అసిస్టెంట్ (ప్రాజెక్టు డైరీ)

శనివారం ఉదయం: ఏం కావాలి

నాకు కావలసినవి మూడు. స్క్రీన్ ఆఫ్‌లో ఉన్నా సరే, సైడ్ బటన్‌ను రెండుసార్లు టకటకా నొక్కగానే కెమెరా తెరుచుకోవాలి. కెమెరా తెరిచి ఉన్నప్పుడు వాల్యూమ్ డౌన్ నొక్కితే ఫొటో పడాలి. కెమెరా తెరిచి లేనప్పుడు అదే బటన్‌ను కాసేపు పట్టుకుంటే అసిస్టెంట్ రావాలి. సైడ్ బటన్ లాంగ్ ప్రెస్ మాత్రం పవర్ మెనూకే ఉండాలి. ఫోన్ ఆఫ్ చేయడానికి రెండు బటన్లు కలిపి నొక్కడం నాకు అలవాటు కాలేదు, అలవాటు చేసుకోవాలని కూడా లేదు.

ఇంకో షరతు: ఫోన్‌ను రూట్ చేయను, అంటే వ్యవస్థ మీద పూర్తి అధికారం తీసుకోను. అందుకోసం బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే ఫోన్‌లోని డేటా అంతా తుడిచిపెట్టుకుపోతుంది, ఆ తర్వాత కొన్ని బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి. ఒక బటన్ కోసం అంత అవసరం లేదు.

మొదటి రెండు పనులకూ ఫోన్ సెట్టింగ్స్ చాలు. అసలు పనంతా మూడోదానిలోనే ఉంది.

అదే రోజు: సైడ్ బటన్

నా ఫోన్‌లో మామూలు ఆండ్రాయిడ్ మెనూలే ఉన్నాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో గెశ్చర్స్‌లోకి వెళ్తే పవర్ బటన్‌కు సంబంధించి రెండు అంశాలు కనిపిస్తాయి. ఒకటి, రెండుసార్లు నొక్కితే కెమెరా తెరవడం. రెండోది, పట్టుకుంటే పవర్ మెనూ రావాలా, అసిస్టెంట్ రావాలా అన్నది. శామ్‌సంగ్ ఫోన్లలో ఇవే అంశాలు అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ కింద సైడ్ బటన్ పేజీలో ఉంటాయి, పాత వెర్షన్లలో ఆ పేజీ పేరు సైడ్ కీ. అక్కడ డబుల్ ప్రెస్‌కు కెమెరా బదులు ఇంకో యాప్‌ను కూడా పెట్టుకోవచ్చు.

రెండూ ఎలా ఉన్నాయో కంప్యూటర్ నుంచి కూడా చూడవచ్చు. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలు పంపే adbతో ఈ రెండు కమాండ్లు ఇచ్చాను:

```
adb shell settings get secure camera_double_tap_power_gesture_disabled
adb shell settings get global power_button_long_press
```

మొదటి కమాండ్‌కు 0 వస్తే డబుల్ ప్రెస్ పని చేస్తున్నట్టు, 1 వస్తే ఆపేసినట్టు. పేరులోనే `disabled` ఉంది కాబట్టి అర్థం తిరగేసి చదువుకోవాలి. రెండో కమాండ్‌కు 1 అంటే పవర్ మెనూ, 5 అంటే అసిస్టెంట్. `null` అని వస్తే ఎవరూ మార్చలేదని, తయారీదారు పెట్టినదే నడుస్తోందని అర్థం. ఇవి మూల ఆండ్రాయిడ్‌లోని పేర్లు. సొంత మెనూలున్న కంపెనీల ఫోన్లు వీటిని పట్టించుకోకపోవచ్చు, కాబట్టి అక్కడ మెనూలో కనిపించేదే నమ్మాలి.

డబుల్ ప్రెస్‌లో రెండు నొక్కుల మధ్య వ్యవధి 300 మిల్లీసెకన్లు దాటకూడదు. తాపీగా రెండుసార్లు నొక్కితే స్క్రీన్ ఆరి మళ్లీ వెలుగుతుందే తప్ప కెమెరా రాదు. "ఈ ఫీచర్ ఒక్కోసారి పని చేయదు" అనేవాళ్ల సమస్య చాలావరకు ఇదే. వేగం మరీ ఎక్కువై అదే ఊపులో ఐదుసార్లు నొక్కితే, ఆండ్రాయిడ్ 12 నుంచి ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ మొదలవుతుంది, అది ఆన్‌లో ఉంటే. జేబులో ఫోన్ వేలికి తగిలే వాళ్లు ఈ సంగతి తెలుసుకుని ఉంటే మంచిది.

లాక్ తీయకుండా ఇలా తెరిచిన కెమెరాలో గ్యాలరీ మొత్తం కనిపించదు, అప్పుడే తీసిన ఫొటోలు మాత్రమే కనిపిస్తాయి. ఫోన్ ఇంకొకరి చేతికి ఇచ్చి "ఒక ఫొటో తియ్యండి" అనడానికి అది సరిగ్గా కావలసిన పద్ధతే.

శనివారం మధ్యాహ్నం: కెమెరాలో వాల్యూమ్ బటన్

ఇది కెమెరా యాప్ లోపలి సెట్టింగ్. నా యాప్‌లో గెశ్చర్స్ కింద వాల్యూమ్ కీ ఏం చేయాలో ఎంచుకోవచ్చు: షట్టర్, జూమ్, వాల్యూమ్, లేదా ఏమీ వద్దు. షట్టర్ పెట్టాను. శామ్‌సంగ్ కెమెరాలో దీన్ని షూటింగ్ మెథడ్స్ కింద వెతకాలి.

నొక్కిన క్షణంలో కాకుండా వేలు ఎత్తినప్పుడు ఫొటో పడుతోంది. బటన్‌ను పట్టుకుని ఉంటే వేరే పని, అంటే వీడియో లేదా వరుస ఫొటోలు ఉన్న యాప్‌లకు ఇలా ఆగక తప్పదు. వేలు ఎత్తేదాకా అది చిన్న నొక్కో పెద్ద నొక్కో యాప్‌కు తెలియదు. ఈ విషయం రేపటి పనిలో మళ్లీ వస్తుంది.

చేతి సంగతి ఒకటి గమనించాను. నా ఫోన్‌కు బటన్లన్నీ కుడి అంచున, పైభాగంలో ఉన్నాయి. ఫోన్‌ను అడ్డంగా తిప్పి ఆ అంచు పైకి వచ్చేలా పట్టుకుంటే వాల్యూమ్ బటన్లు ఎడమ చివరకు వస్తాయి. అంటే షట్టర్ ఎడమ చూపుడు వేలికి అందుతుంది. పాత కెమెరాల అలవాటుతో కుడి వేలితో వెతుక్కుంటే అక్కడ ఏమీ ఉండదు. ఎడమ అంచున వాల్యూమ్ ఉన్న ఫోన్లలో మాత్రం అది కుడి వేలి కిందికే వస్తుంది. ఎక్స్‌పీరియా ఫోన్లలోలా సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే ఫొటో అనే విడి షట్టర్ బటన్ ఉన్నవాళ్లకు ఈ గొడవే లేదు. వాళ్లు అదృష్టవంతులు.

శనివారం రాత్రి: నొక్కు ఎక్కడికి వెళ్తుంది

మూడో పనికి ముందు బటన్ నొక్కితే లోపల ఏం జరుగుతుందో చూడాలనిపించింది. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి ఇది నడిపాను:

```
adb shell getevent -l
```

వాల్యూమ్ డౌన్ నొక్కి వదిలితే వచ్చిన వాటిలో ముఖ్యమైన వరుసలు ఇవి:

```
/dev/input/event1: EV_KEY  KEY_VOLUMEDOWN  DOWN
/dev/input/event1: EV_KEY  KEY_VOLUMEDOWN  UP
```

పవర్ కూడా అదే `event1` నుంచి వస్తోంది. వాల్యూమ్ అప్ మాత్రం వేరే పరికరం నుంచి. చాలా ఫోన్లలో ఇలాగే ఉంటుంది. పవర్, వాల్యూమ్ డౌన్ రెండూ విద్యుత్తు సరఫరా చూసే చిప్‌కు అతుక్కుని ఉంటాయి, వాల్యూమ్ అప్ విడిగా ఉంటుంది. పక్కపక్కన ఒకే పట్టీలా కనిపించే రెండు వాల్యూమ్ బటన్లు లోపల రెండు వేర్వేరు పరికరాలన్నమాట. బటన్ పనిని మార్చే రీమ్యాప్ యాప్‌లో "ఏ పరికరం నుంచి వచ్చే నొక్కు" అని అడిగినప్పుడు ఇది గుర్తుండాలి.

ఇక్కడి నుంచి నొక్కు మూడు మజిలీలు దాటుతుంది. మొదట ఆండ్రాయిడ్ వ్యవస్థ సొంత నియమాలు చూస్తుంది. పవర్ బటన్ ప్రయాణం అక్కడే ముగుస్తుంది. స్క్రీన్ ఆర్పడం, పవర్ మెనూ, డబుల్ ప్రెస్ కెమెరా అన్నీ అక్కడే తేలిపోతాయి, ఆ నొక్కు యాప్‌లకు చేరదు. రెండో మజిలీ యాక్సెసిబిలిటీ సర్వీస్. నొక్కులు చూడటానికి అనుమతి తీసుకున్న సర్వీస్ ఏదైనా ఉంటే దానికి చూపిస్తారు. అది "ఇది నాది" అంటే అక్కడితో సరి. అర సెకనులో జవాబు చెప్పకపోతే నొక్కు ముందుకు కదులుతుంది. మూడో మజిలీ స్క్రీన్ మీద తెరిచి ఉన్న యాప్. కెమెరా షట్టర్ పని చేసేది ఇక్కడ. ఆ యాప్ కూడా వద్దంటే అప్పుడు మామూలుగా వాల్యూమ్ మారుతుంది.

దీన్ని బట్టి రెండు విషయాలు ముందే తెలిసిపోయాయి. యాక్సెసిబిలిటీ సర్వీస్ దారిలో సైడ్ బటన్‌ను ఏ యాప్ కూడా అందుకోలేదు, ఈ పద్ధతిలో సెట్టింగ్స్‌లో ఇచ్చినంతే మనకు దక్కేది. రెండోది, స్క్రీన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు వాల్యూమ్ బటన్ పరిస్థితి కూడా అంతే. అప్పుడు దాన్ని మొదటి మజిలీ దాటనివ్వరు. పాట వస్తుంటే వ్యవస్థే వాల్యూమ్ మార్చి ఊరుకుంటుంది. కాబట్టి నా అసిస్టెంట్ స్క్రీన్ వెలిగి ఉన్నప్పుడు మాత్రమే వస్తుంది. సరే అనుకున్నాను.

ఆదివారం ఉదయం: అసిస్టెంట్‌ను పిలవడం

బటన్ జోలికి వెళ్లేముందు అసిస్టెంట్ తనంతట తాను వస్తుందో లేదో చూడాలి. డిఫాల్ట్ యాప్స్ పేజీలో డిజిటల్ అసిస్టెంట్ యాప్ అని ఉంటుంది. అక్కడ "ఏదీ లేదు" అని ఉంటే ఏ బటన్‌కు ఏం మ్యాప్ చేసినా ఫలితం ఉండదు. పరీక్షకు ఇది చాలు:

```
adb shell input keyevent 219
```

219 అంటే అసిస్ట్ బటన్ కోడ్. నిజమైన బటన్ లేకపోయినా నొక్కినట్టు పంపుతుంది. నా ఫోన్‌లో అసిస్టెంట్ వెంటనే వచ్చింది. కెమెరా బటన్‌కు కూడా 27 అనే కోడ్ ఉంది. కెమెరా తెరిచి పెట్టి `input keyevent 27` పంపితే ఫొటో పడే యాప్‌లు చాలానే ఉన్నాయి.

రీమ్యాప్ కోసం కీ మ్యాపర్ అనే ఓపెన్ సోర్స్ యాప్ పెట్టుకున్నాను. నొక్కులు వినే యాప్‌కు కోడ్ బయట కనిపించడం ముఖ్యం. ఆ అనుమతి ఉన్న యాప్ బ్లూటూత్ కీబోర్డులో మనం టైప్ చేసేది కూడా చూడగలదు.

ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక మెలిక ఉంది. ప్లే స్టోర్ నుంచి కాకుండా ఏపీకే ఫైలు తెచ్చి ఇన్‌స్టాల్ చేస్తే యాక్సెసిబిలిటీ పేజీలో ఆ యాప్ బూడిద రంగులో ఉండి, నొక్కితే "పరిమితం చేసిన సెట్టింగ్" అని హెచ్చరిస్తుంది. ఒకసారి అలా నొక్కి హెచ్చరిక చూశాక, యాప్ ఇన్ఫో పేజీలో పైనున్న మూడు చుక్కల్లో దాన్ని అనుమతించే అంశం ఉంటుంది. అది నొక్కి మళ్లీ వెనక్కి రావాలి.

మ్యాప్ తేలికే. ట్రిగ్గర్‌గా వాల్యూమ్ డౌన్ రికార్డ్ చేసి, లాంగ్ ప్రెస్ ఎంచుకుని, 600 మిల్లీసెకన్లు పెట్టి, యాక్షన్‌గా వాయిస్ అసిస్టెంట్ ఇచ్చాను. హోమ్ స్క్రీన్ మీద పట్టుకున్నాను. వచ్చింది.

ఆదివారం సాయంత్రం: షట్టర్ పోయింది

కెమెరా తెరిచి వాల్యూమ్ డౌన్ నొక్కితే ఫొటో పడలేదు. వ్యూఫైండర్ మీద వాల్యూమ్ పట్టీ ప్రత్యక్షమై ఒక మెట్టు తగ్గింది. వాల్యూమ్ అప్ నొక్కితే మాత్రం ఫొటో పడుతోంది. తప్పు ఎక్కడుందో ఈ తేడాయే చెబుతోంది. కెమెరా సెట్టింగ్ సరిగ్గానే ఉంది, మ్యాప్ పెట్టిన బటన్ ఒక్కటే దాని దాకా వెళ్లడం లేదు.

కారణం నిన్న రాసుకున్న మజిలీల వరుసలోనే ఉంది. బటన్ కిందికి దిగిన క్షణంలోనే సర్వీస్ "నాది" అనో "కాదు" అనో చెప్పాలి. అది లాంగ్ ప్రెస్ అవుతుందో లేదో 600 మిల్లీసెకన్లు గడిస్తే తప్ప తెలియదు. అందుకని ముందే "నాది" అని పట్టేసుకుంటుంది. తీరా వేలు త్వరగా లేస్తే, పట్టుకున్న నొక్కును మళ్లీ పాత దారిలో వదలడానికి యాక్సెసిబిలిటీ సర్వీస్‌కు మార్గం లేదు. నకిలీ నొక్కులు పుట్టించే అధికారం దానికి లేదు. చేయగలిగిందల్లా నేరుగా వాల్యూమ్‌ను ఒక మెట్టు తగ్గించడం. మామూలుగా అది నొక్కుతో సమానం కాబట్టి తేడా తెలియదు. కెమెరాలో బయటపడుతుంది, ఎందుకంటే కెమెరాకు కావలసింది ఆ నొక్కు. వాల్యూమ్ మారడంతో దానికి పని లేదు.

నొక్కును పట్టుకోకుండా చూసి వదిలేసే ఆప్షన్ కూడా ఉంది. దాన్ని పెట్టి చూస్తే కెమెరాలో షట్టర్ తిరిగొచ్చింది. కానీ హోమ్ స్క్రీన్ మీద కొత్త తంటా. అసిస్టెంట్ కోసం బటన్ పట్టుకున్నంతసేపూ నొక్కు వ్యవస్థకు కూడా వెళ్తోంది కాబట్టి వాల్యూమ్ జరజరా దిగిపోతోంది. ఫోన్లలో అసిస్టెంట్ గొంతు మీడియా వాల్యూమ్‌తోనే నడుస్తుంది. అంటే పిలిచే చర్యే దాని గొంతు నొక్కేస్తోంది. ఆ ఆప్షన్ తీసేశాను.

సరైన దారి షరతు పెట్టడం. కీ మ్యాపర్‌లో ప్రతి మ్యాప్‌కూ షరతులు ఇవ్వవచ్చు. "ఈ యాప్ ముందు లేనప్పుడు" అనే షరతులో కెమెరా యాప్‌ను ఎంచుకున్నాను. కెమెరా తెరిచి ఉన్నంతసేపూ ఆ మ్యాప్ లేనట్టే, నొక్కు నేరుగా మూడో మజిలీకి పోతుంది. ఫొటో పడింది. హోమ్‌కు వచ్చి పట్టుకుంటే అసిస్టెంట్ వచ్చింది, వాల్యూమ్ కదల్లేదు.

ఒకటికంటే ఎక్కువ కెమెరా యాప్‌లు వాడేవాళ్లు ప్రతిదానికీ ఒక షరతు కలిపి, అన్నీ నిజం కావాలి అనే పద్ధతి ఎంచుకోవాలి. "ఏదో ఒకటి" అని ఉంటే లాభం లేదు. ఒక కెమెరా తెరిచినప్పుడు రెండోది ఎలాగూ ముందు ఉండదు కాబట్టి షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది. మెసేజ్ యాప్ లోపల తెరుచుకునే కెమెరాను ఈ షరతు గుర్తించదు, అక్కడ ముందున్నది మెసేజ్ యాపే. అందులో స్క్రీన్ మీది బటనే నొక్కుతున్నాను.

వదులుకున్నది కూడా రాసుకోవాలి. వాల్యూమ్ డౌన్ పట్టుకుని ఒకేసారి శబ్దం కిందికి దించడం ఇక కుదరదు, ఒక్కో మెట్టు నొక్కుకుంటూ రావాలి. పైగా ప్రతి మెట్టూ వేలు ఎత్తాకే తగ్గుతుంది. మొదట్లో ఫోన్ నెమ్మదించిందేమో అనిపించేంత తేడా ఉంది. పవర్, వాల్యూమ్ డౌన్ కలిపి నొక్కితే వచ్చే స్క్రీన్‌షాట్ మాత్రం చెక్కుచెదరలేదు. ఆ జంటను మొదటి మజిలీలోనే గుర్తుపడతారు.

బుధవారం: మ్యాప్ పని మానేసింది

పొద్దున బటన్ పట్టుకుంటే వాల్యూమ్ జారిపోతోంది తప్ప అసిస్టెంట్ రాలేదు. పట్టుకున్నప్పుడు వాల్యూమ్ జారుతోందంటే నొక్కును ఎవరూ ఆపడం లేదు. అంటే సర్వీసే లేదు. ఖాయం చేసుకోవడానికి:

```
adb shell settings get secure enabled_accessibility_services
```

జవాబులో `io.github.sds100.keymapper` అనే పేరు లేదు. బ్యాటరీ పొదుపు పేరుతో ఫోన్ రాత్రి యాప్‌ను ఫోర్స్ స్టాప్ చేసింది. అలా ఆపినప్పుడు యాక్సెసిబిలిటీ అనుమతి కూడా పోతుంది, తర్వాత యాప్ తెరిచినా అది దానంతట తిరిగి రాదు. మళ్లీ ఆన్ చేసి, యాప్ బ్యాటరీ పేజీలో పరిమితి లేదని పెట్టి, తయారీదారు విడిగా ఇచ్చిన ఆటోస్టార్ట్ జాబితాలో కూడా చేర్చాను. ఆ జాబితా పేరు, చోటు కంపెనీని బట్టి మారతాయి.

పేరు జాబితాలో ఉండి కూడా మ్యాప్ పని చేయకపోతే అది వేరే కేసు. సర్వీస్ క్రాష్ అయి ఉంటుంది, యాక్సెసిబిలిటీ పేజీలో దాని కింద పని చేయడం లేదని రాసి ఉంటుంది. అప్పుడు ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే చాలు.

శనివారం: బ్లూటూత్ రిమోట్

ట్రైపాడ్‌తో వచ్చిన చిన్న షట్టర్ రిమోట్ కలిపి చూశాను. ఇలాంటి రిమోట్లలో చాలావాటికి తెలిసిన విద్య ఒక్కటే: ఫోన్‌కు వాల్యూమ్ బటన్ నొక్కినట్టు పంపడం. కెమెరా సెట్టింగ్‌లో వాల్యూమ్ కీని జూమ్‌కు పెట్టుకున్నవాళ్లకు రిమోట్ నొక్కితే ఫొటో బదులు జూమ్ అయ్యేది అందుకే. `getevent`లో నాది వాల్యూమ్ అప్ పంపుతోంది, నా మ్యాప్ డౌన్ మీద ఉంది, కాబట్టి గొడవ లేదు.

తమ్ముడు తన రిమోట్ తెచ్చి కలిపితే అది డౌన్ పంపేది. కెమెరా తెరిచి ఉన్నప్పుడు బాగానే ఉంది. కెమెరా మూసేశాక రిమోట్ సంచిలో ఒత్తుకుపోయి ఫోన్‌లో అసిస్టెంట్ తెరుచుకుంది. "అన్నయ్యా, నీ ఫోన్ ఎవరి మాటలో వింటోంది చూడు" అని వాడు నవ్వుతున్నాడు. మ్యాప్ తెరిచి చూస్తే ట్రిగ్గర్ దగ్గర ఏ పరికరమైనా సరే అని ఉంది. దాన్ని ఈ ఫోన్ బటన్ మాత్రమే అని మార్చాను. ఇప్పుడు రిమోట్‌ను ఎంతసేపు పట్టుకున్నా వాల్యూమ్ తగ్గుతుంది, అసిస్టెంట్ రాదు. ఫోన్ మీది బటన్ పట్టుకుంటే వస్తుంది.

ఇంకొక్కటి మిగిలింది, పాటల యాప్. వింటూ వాల్యూమ్ పూర్తిగా దించాలంటే ఇప్పుడు వేలికి పని ఎక్కువైంది. ఆ యాప్‌ను కూడా "ముందు లేనప్పుడు" షరతుల్లో చేర్చాను. పాటల స్క్రీన్ తెరిచి ఉంటే బటన్ పాత పద్ధతిలోనే పట్టుకున్నంతసేపూ శబ్దం దించుతుంది.